ప్రామాణిక విచలనమా, ప్రామాణిక దోషమా? పరిశోధన పత్రాల్లో ఎర్రర్ బార్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పరిశోధన పత్రం రాసేటప్పుడు సగటు పక్కన ఏ సంఖ్య వేయాలి, పటంలో ఎర్రర్ బార్ ఎంత పొడవుండాలి, దానికి ఏ పేరు పెట్టాలి అన్న సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఈ పేజీలో చాలావరకు ఒకే కల్పిత ఉదాహరణను అనుసరిస్తాము. ఒక అధ్యయనంలో మందు తీసుకున్న వారు 25 మంది, మందు తీసుకోని వారు 25 మంది ఉన్నారనుకుందాం. వారి సిస్టాలిక్ రక్తపోటు సగటు మొదటి వర్గంలో 132, రెండవ వర్గంలో 141. రెండు వర్గాల్లోనూ ప్రామాణిక విచలనం 15. కొలమానం పాదరస మిల్లీమీటర్లు.

ప్రామాణిక విచలనానికీ ప్రామాణిక దోషానికీ అసలు తేడా ఏమిటి?

ప్రామాణిక విచలనం మనుషుల గురించి చెబుతుంది. ప్రామాణిక దోషం సగటు గురించి చెబుతుంది. మన ఉదాహరణలో 15 అనే ప్రామాణిక విచలనం చూస్తే, ఒక వర్గంలోని వ్యక్తుల రక్తపోటు ఒకరికొకరికి ఎంత తేడాగా ఉందో తెలుస్తుంది. విలువలు దాదాపు సామాన్య విభాజనాన్ని అనుసరిస్తే, సగటుకు అటూ ఇటూ రెండు ప్రామాణిక విచలనాల మేర, అంటే మొదటి వర్గంలో సుమారు 102 నుంచి 162 మధ్య, నూటికి 95 మంది ఉంటారని ఆశించవచ్చు.

ప్రామాణిక దోషం అడిగే ప్రశ్న వేరు. ఇదే అధ్యయనాన్ని ఇదే విధంగా, ప్రతిసారీ కొత్తగా ఎంచుకున్న 25 మందితో మళ్ళీ మళ్ళీ చేస్తే, వచ్చే సగటులు ఒకదానికొకటి ఎంత తేడాగా ఉంటాయి? ఆ సగటుల మధ్య ఉండే చెదురుకు మనం ఒక్క అధ్యయనం నుంచే కట్టే అంచనా ప్రామాణిక దోషం. దాన్ని ఇలా లెక్కిస్తారు:

```
SE = SD / √n
   = 15 / √25
   = 3
```

సగటుల ప్రామాణిక విచలనమే ప్రామాణిక దోషం కాబట్టి, ఒక అర్థంలో రెండూ విచలనాలే. గందరగోళం చాలావరకు ఇక్కడే పుడుతుంది. ఏ వస్తువుల మధ్య విచలనం అని అడిగితే చాలు, అది విడిపోతుంది: వ్యక్తుల మధ్యదా, లేక ఊహించుకున్న అనేక అధ్యయనాల సగటుల మధ్యదా?

నమూనా పరిమాణం పెంచితే రెండూ తగ్గుతాయా?

రెండూ తగ్గవు, ప్రామాణిక దోషం ఒక్కటే తగ్గుతుంది. 25 మందికి బదులు 400 మందిని కొలిచినా మనుషుల మధ్య ఉన్న సహజమైన తేడా మారదు కాబట్టి, ప్రామాణిక విచలనం 15కు దగ్గరగానే ఉంటుంది. ఆ 15 అన్న అంచనా మాత్రం మరింత నమ్మదగినదవుతుంది. ప్రామాణిక దోషం మాత్రం 3 నుంచి 0.75కు పడిపోతుంది. మందిని నాలుగింతలు చేస్తే దోషం సగమవుతుంది, పదహారింతలు చేస్తే నాలుగో వంతవుతుంది.

అధ్యయనంలో పాల్గొన్నవారి వివరాలిచ్చే పట్టికలో ఏది రాయాలి?

ప్రామాణిక విచలనమే రాయాలి. ఆ పట్టిక ఎవరిని అధ్యయనం చేశామో చెప్పడానికి ఉద్దేశించింది. వారి వయసు, బరువు, రక్తపోటు ఎంత విస్తృతంగా ఉన్నాయో తెలిస్తేనే, ఈ ఫలితం తన రోగులకు వర్తిస్తుందా లేదా అని పాఠకుడు ఆలోచించగలడు. ‘వయసు 54, ప్రామాణిక దోషం 1.8’ అని రాస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. ప్రామాణిక దోషం వేస్తే సంఖ్యలు చిన్నవిగా, పట్టిక తీరుగా కనిపిస్తుంది గానీ, పాల్గొన్నవారి మధ్య లేని ఏకరూపతను ఉన్నట్టు చూపడం అవుతుంది. చిన్న సంఖ్య కావాలన్న కోరిక ఒక్కటే దీనికి కారణమైతే, అది రచయితలు మానుకోవలసిన పద్ధతి.

విలువలు ఒక వైపుకు బాగా సాగి ఉంటే ప్రామాణిక విచలనం కూడా సరైన చిత్రం ఇవ్వదు. ఆసుపత్రిలో ఉన్న రోజుల సగటు 6, ప్రామాణిక విచలనం 8 అని వచ్చిందనుకోండి. సగటు నుంచి ఒక విచలనం తీసివేస్తే రుణ సంఖ్య వస్తుంది. రోజులు రుణాత్మకంగా ఉండలేవు. అలాంటి చోట మధ్యగతాన్నీ, మొదటి, మూడవ చతుర్థాంశాలనూ ఇవ్వడం మేలు. ఆ సమస్యను తప్పించుకోవడానికి ప్రామాణిక దోషాన్ని వేయడం పరిష్కారం కాదు.

‘132 ± 3’ అని రాయవచ్చా?

ఆ రూపాన్ని పూర్తిగా వదిలేయడమే మంచిదని మా అభిప్రాయం. ± గుర్తు తరువాత వచ్చే సంఖ్య ప్రామాణిక విచలనం కావచ్చు, ప్రామాణిక దోషం కావచ్చు, విశ్వాస అంతరంలో సగం కావచ్చు. గుర్తు మాత్రం ఏదీ చెప్పదు. ‘విలువలన్నీ సగటు ± ప్రామాణిక దోషం’ అని పద్ధతుల విభాగంలో ఒకసారి రాసి ఊరుకున్నా సరిపోదు, ఎందుకంటే చాలామంది పాఠకులు పట్టికనో పటాన్నో విడిగా చూస్తారు. సంఖ్య ఎక్కడ ఉందో పేరు కూడా అక్కడే ఉండాలి:

```
mean 132 mmHg (SD 15), n = 25
mean 132 mmHg (95% CI 125.8 to 138.2), n = 25
```

మొదటి వరుస వ్యక్తులను వర్ణిస్తుంది, రెండవది సగటు ఎంత ఖచ్చితంగా తెలుసో చెబుతుంది. రెండింటిలోనూ మంది సంఖ్య ఉంది. అది ఉంటే పాఠకుడు ఒక కొలత నుంచి మరో కొలతను తానే లెక్కించుకోగలడు.

పేరు తారుమారైతే నిజంగా అంత నష్టమా? సంఖ్య సరైనదే కదా?

సంఖ్య సరైనదైనా పేరు తప్పయితే, ఆ సంఖ్యతో తరువాత జరిగే ప్రతి లెక్కా తప్పుతుంది. మన ఉదాహరణలో ప్రామాణిక దోషం 3ని పొరపాటున ‘ప్రామాణిక విచలనం 3’ అని ముద్రించారనుకుందాం. పాఠకుడు మందు తీసుకున్న వారిలో నూటికి 95 మంది రక్తపోటు 126 నుంచి 138 మధ్య ఉందనుకుంటాడు. నిజానికి ఆ పరిధి 102 నుంచి 162 వరకు ఉంది. 160 దగ్గర ఉన్న రోగి తన ముందుకు వస్తే, అతడు ఈ అధ్యయనంలోని వారిలాంటివాడు కాడని వైద్యుడు తప్పుగా తీర్మానించవచ్చు.

అంతకంటే పెద్ద నష్టం అధ్యయనాలను కలిపి చేసే మెటా విశ్లేషణలో జరుగుతుంది. అక్కడ తరచుగా సగటుల తేడాను ప్రామాణిక విచలనంతో భాగించి ప్రభావ పరిమాణాన్ని లెక్కిస్తారు. మన అధ్యయనంలో తేడా 9, విచలనం 15, కాబట్టి ప్రభావం 0.6. పేరు తప్పుగా ఉన్న పత్రం నుంచి తీసుకుంటే అదే 9ని 3తో భాగిస్తారు, ప్రభావం 3.0 అవుతుంది. ఒక మామూలు ప్రభావం ఐదింతలు పెరిగి, నమ్మశక్యం కానంత పెద్దదిగా మారిపోతుంది. ఈ ఐదు ఎక్కడి నుంచి వచ్చిందంటే, అది 25 వర్గమూలం. నమూనా ఎంత పెద్దదైతే పొరపాటు అంత పెద్దదవుతుంది. పైగా, సగటుల తేడాలనే నేరుగా కలిపే విశ్లేషణల్లో, ఆ అధ్యయనం చాలా ఖచ్చితమైనదన్న భ్రమ కలిగి, కలిపిన ఫలితంలో దానికి రావలసిన దానికంటే ఎక్కువ బరువు కూడా దక్కవచ్చు.

పొరపాటు రెండో దిశలోనూ జరుగుతుంది. ప్రామాణిక విచలనం 15ని ‘ప్రామాణిక దోషం 15’ అని ముద్రిస్తే, పాఠకుడి లెక్కలో తేడా తాలూకు ప్రామాణిక దోషం 21 దాటుతుంది. అప్పుడు 9 అనే తేడా ఏమాత్రం లెక్కలోకి రానిదిగా కనిపిస్తుంది.

ముద్రితమైన పత్రంలో ఈ పొరపాటు ఉందని ఎలా పసిగట్టాలి?

మూడు పరీక్షలు చాలావరకు సరిపోతాయి. మొదటిది, ఆ కొలత గురించి ముందే తెలిసినదానితో పోల్చడం. వయోజనుల సిస్టాలిక్ రక్తపోటులో ప్రామాణిక విచలనం సాధారణంగా 15 నుంచి 20 చుట్టూ ఉంటుంది. ఒక పత్రంలో అది 3 అని కనిపిస్తే, వెంటనే దాన్ని √25తో గుణించి చూడండి. 15 వస్తే, ముద్రించింది ప్రామాణిక దోషం అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ.

రెండవది, కనిష్ఠ, గరిష్ఠ విలువలతో సరిచూడడం. మందు తీసుకున్న వర్గంలో అత్యల్పం 104, అత్యధికం 163 అని పత్రంలోనే మరోచోట ఉందనుకుందాం. ఇరవై, ముప్పై మంది ఉన్న నమూనాలో గరిష్ఠ, కనిష్ఠాల తేడాను నాలుగుతో భాగిస్తే సామాన్యంగా ప్రామాణిక విచలనానికి దగ్గరగా వస్తుంది. ఇక్కడ 59ని నాలుగుతో భాగిస్తే సుమారు 14.8. దీనికంటే గట్టి పరీక్ష కూడా ఉంది. n విలువలున్న ఏ నమూనాలోనైనా, విభాజనం ఎలా ఉన్నా, ఏ ఒక్క విలువా సగటు నుంచి (n − 1)/√n ప్రామాణిక విచలనాల కంటే ఎక్కువ దూరంలో ఉండలేదు. 25 మందికి ఆ హద్దు 24/5, అంటే 4.8. విచలనం నిజంగా 3 అయితే, ఎవరి రక్తపోటూ 132 నుంచి 14.4 కంటే ఎక్కువ దూరం పోలేదు. 104 అనేది 28 దూరంలో ఉంది. కాబట్టి ఇది అనుమానం స్థాయి దాటింది. ఆ పేరు గణితపరంగానే అసాధ్యం.

మూడవది, పత్రంలోని పి-విలువతో పొంతన చూడడం. విచలనం 15 అయితే లెక్క ఇలా ఉంటుంది:

```
SE(diff) = √(3² + 3²) = 4.24
t = 9 / 4.24 = 2.12,  df = 48,  p ≈ 0.04
```

విచలనం 3 అని నమ్మితే t విలువ 10.6 వస్తుంది, పి-విలువ సున్నాకు అతి దగ్గరగా ఉండాలి. పత్రంలో 0.04 అని ఉంటే రచయితల గణన సరైనదేననీ, పట్టికలో పేరు మాత్రమే తప్పిందనీ తెలుస్తుంది. ఈ మూడు పరీక్షల్లో నేను ఎక్కువగా ఆధారపడేది ఇదే, ఎందుకంటే ఆ రంగం గురించి ముందుగా ఏమీ తెలియకపోయినా దీన్ని చేయవచ్చు.

పటంలో ఎర్రర్ బార్లుగా ఏది గీయాలి?

పటం దేనికోసమో దాన్ని బట్టి నిర్ణయించాలి. వ్యక్తుల విలువలు ఎంత విస్తరించి ఉన్నాయో చూపడమే ఉద్దేశమైతే ప్రామాణిక విచలనం గీయవచ్చు. కొద్దిమందే ఉంటే ప్రతి వ్యక్తినీ ఒక చుక్కగా చూపడం అంతకంటే నిజాయితీగా ఉంటుంది. వర్గాల సగటులను పోల్చడం ఉద్దేశమైతే 95 శాతం విశ్వాస అంతరాన్ని గీయాలి. ప్రామాణిక దోషాన్ని గీయడం తప్పు కాదు గానీ, దాన్ని అర్థం చేసుకోవడానికి పాఠకుడు మనసులో దాన్ని సుమారు రెట్టింపు చేసుకోవాలి, చిన్న నమూనాల్లో ఆ రెట్టింపు కూడా చాలదు. ఏది గీసినా, పటం కింది వివరణలో మూడు విషయాలు తప్పక ఉండాలి: చుక్క లేదా బార్ ఎత్తు ఏమిటి, ఎర్రర్ బార్ ఏమిటి, n ఎంత.

బార్లు ఒకదానిపై ఒకటి పడితే తేడా లేనట్టేనా?

ఏ బార్లన్నది తెలియకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. పేరు లేని ఎర్రర్ బార్ ఎందుకు పనికిరాదో దీనితోనే తెలుస్తుంది. మన రెండు వర్గాలను మూడు రకాలుగా గీసి చూద్దాం.

ప్రామాణిక విచలనం గీస్తే మొదటి బార్ 117 నుంచి 147 వరకు, రెండవది 126 నుంచి 156 వరకు ఉంటుంది. రెండూ చాలామేర అతివ్యాపించాయి. అయినా పి-విలువ 0.04. విచలనపు బార్లు అతివ్యాపించడం అంటే, మందు తీసుకున్నవారిలో కొందరి రక్తపోటు తీసుకోని వారిలో కొందరి కంటే ఎక్కువగా ఉందని మాత్రమే అర్థం; సగటులు వేరా కాదా అన్నది మంది సంఖ్య తెలియకుండా ఈ బార్లు చెప్పలేవు.

ప్రామాణిక దోషం గీస్తే 129 నుంచి 135 వరకు ఒకటి, 138 నుంచి 144 వరకు మరొకటి. మధ్యలో 3 ఖాళీ ఉంది, అంటే ఒక ప్రామాణిక దోషం అంత. రెండు వర్గాల్లోనూ మంది సంఖ్య, విచలనం సమానంగా ఉండి, నమూనాలు మరీ చిన్నవి కానప్పుడు, ఆపాటి ఖాళీ పి-విలువ 0.05 దరిదాపుల్లో ఉందని సూచిస్తుంది. బార్లు అప్పుడే విడిపోయి, ఖాళీ దాదాపు లేకపోతే మాత్రం, అది తేడాకు రుజువు కాదు. ప్రామాణిక దోషపు బార్లు తాకలేదు కాబట్టి తేడా ఉందని తేల్చేయడం చాలా తరచుగా కనిపించే పొరపాటు.

95 శాతం విశ్వాస అంతరాలు గీస్తే 125.8 నుంచి 138.2 వరకు ఒకటి, 134.8 నుంచి 147.2 వరకు ఇంకొకటి. ఇవి సుమారు మూడున్నర మేర అతివ్యాపించాయి, అయినా పి-విలువ 0.05 కంటే తక్కువే. కాబట్టి విశ్వాస అంతరాలు కలిసినంత మాత్రాన తేడా లేదనడం కూడా తప్పే. ఒకే అధ్యయనం, ఒకే సమాచారం. మూడు బొమ్మలు చూసి మూడు వేర్వేరు తీర్మానాలకు రావడానికి వీలుంది. అందుకే బార్ల నుంచి తీర్మానం ఊహించే పనిని పాఠకుడికి వదలకుండా, తేడానూ దాని విశ్వాస అంతరాన్నీ నేరుగా రాయాలి: తేడా 9, 95 శాతం విశ్వాస అంతరం 0.5 నుంచి 17.5 వరకు.

ఒకే వ్యక్తులను మందుకు ముందు, తరువాత కొలిస్తే ఏ బార్లు వేయాలి?

అప్పుడు విడివిడి సగటుల బార్లు దాదాపు దేనికీ పనికిరావు. 25 మందినే రెండుసార్లు కొలిచి, ముందు తరువాత కొలతల మధ్య సహసంబంధం 0.8 ఉందనుకుందాం. ప్రతి వ్యక్తిలోని మార్పు తాలూకు ప్రామాణిక విచలనం సుమారు 9.5, సగటు మార్పు ప్రామాణిక దోషం 1.9. వేర్వేరు వ్యక్తులతో వచ్చిన 4.24లో ఇది సగం కూడా లేదు. పటంలో రెండు బార్లూ ఎప్పటిలాగే పొడవుగా కనిపిస్తాయి, ఎందుకంటే వాటికి ఎవరి ‘ముందు’ ఎవరి ‘తరువాత’తో జతపడుతుందో తెలియదు. అందువల్ల మార్పునే గీసి, దాని విశ్వాస అంతరాన్ని చూపాలి.

మా ప్రయోగంలో n = 3 మాత్రమే. ప్రామాణిక దోషం వేయవచ్చా?

వేయవచ్చు గానీ దానికి ఉండే అర్థం చాలా పరిమితం. పెద్ద నమూనాల్లో సగటుకు అటూ ఇటూ ఒక ప్రామాణిక దోషం మేర ఉండే అంతరం నూటికి సుమారు 68 సార్లు అసలు సగటును పట్టుకుంటుంది. మూడు విలువలే ఉంటే అది నూటికి 58 సార్లే. అదే n = 3తో 95 శాతం విశ్వాస అంతరం కావాలంటే దోషాన్ని 2తో కాదు, 4.3తో గుణించాలి. కాబట్టి మూడు చుక్కలనే చూపండి. పాఠకుడికి అంతకంటే ఎక్కువ చెప్పే బార్ ఏదీ లేదు.

ప్రతి వ్యక్తినీ మూడుసార్లు కొలిచాము. n = 75 అని తీసుకోవచ్చా?

తీసుకోకూడదు. అలా చేస్తే ప్రామాణిక దోషం 15/√75, అంటే 1.7 అని వస్తుంది, అది నిజం కంటే చాలా చిన్నది. ఒకే వ్యక్తి మూడు కొలతలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కాబట్టి, అవి ముగ్గురు కొత్త వ్యక్తులిచ్చేంత సమాచారం ఇవ్వవు. ముందు ఒక్కొక్కరి మూడు కొలతలకు సగటు కట్టి, ఆ 25 సగటుల ప్రామాణిక విచలనాన్ని √25తో భాగించాలి. ఒకే నమూనాను పరికరంలో పదేపదే నడిపినప్పుడూ, ఒకే జంతువు నుంచి అనేక కణాలను లెక్కించినప్పుడూ ఇదే నియమం వర్తిస్తుంది. మందు ఎవరికి లేదా దేనికి స్వతంత్రంగా ఇచ్చారో, ఆ సంఖ్యే n.

సాఫ్ట్‌వేర్ దానంతటదే గీసిన బార్లను నమ్మవచ్చా?

అది ఏం గీసిందో తెలుసుకున్నాకే నమ్మాలి. `ggplot2`లో `stat_summary()` ఏమీ చెప్పకపోతే సగటునూ ప్రామాణిక దోషాన్నీ గీస్తుంది. `seaborn`లో `barplot()` ఏమీ చెప్పకపోతే 95 శాతం విశ్వాస అంతరాన్ని గీస్తుంది. ఒకే సమాచారానికి రెండు సాధనాలు రెండు వేర్వేరు పొడవులు ఇస్తాయి, బొమ్మ మీద ఏదీ పేరు రాయదు. Excelలో ముందే లెక్కించిన సగటులను గీసి, ‘Standard Error’ అన్న ఎంపికను నొక్కితే, అది మీ మూల కొలతలను చూడదు. గీసిన ఆ సగటుల నుంచే ఒక సంఖ్యను కట్టి, అన్ని బార్లకూ ఒకే పొడవు ఇస్తుంది. ఏ రెండు వర్గాల బార్లూ పిసరంతైనా తేడా లేకుండా ఉంటే దీన్నే అనుమానించాలి. అక్కడ ‘Custom’ ఎంచుకుని మీరు లెక్కించిన విలువలను ఇవ్వాలి.

R భాషలో లోపించిన విలువలు మరో చిక్కు తెస్తాయి. `length(x)` వాటిని కూడా లెక్కపెడుతుంది. 25 మందిలో 9 మంది విలువలు లేకపోతే నిజమైన n 16, దోషం 3.75, జాగ్రత్త పడకపోతే 3 వస్తుంది. ఇలా రాయాలి:

```r
n  <- sum(!is.na(x))
se <- sd(x, na.rm = TRUE) / sqrt(n)
```

పత్రం వెలువడ్డాక పేరు తప్పని గుర్తిస్తే ఏం చేయాలి?

మూల సమాచారం నుంచి రెండు కొలతలనూ మళ్ళీ లెక్కించి, ముద్రితమైన సంఖ్య వాటిలో దేనికి సరిపోతుందో ముందు నిర్ధారించుకోవాలి. సంఖ్య సరైనదై పేరు మాత్రమే తప్పయితే, సంపాదకుడికి రాసి సవరణ ప్రచురించమని కోరాలి. ఏ పట్టిక, ఏ నిలువు వరుస, సరైన పేరు ఏమిటి, తీర్మానాలు మారుతాయా లేదా అన్నవి ఆ సవరణలో స్పష్టంగా ఉండాలి. తీర్మానం మారకపోయినా సవరణ అవసరమే, ఎందుకంటే మెటా విశ్లేషణ చేసేవారు తీసుకునేది తీర్మానాన్ని కాదు, పట్టికలోని సంఖ్యనూ దాని పేరునూ. మీరు రచయిత కాకుండా పాఠకుడైతే, పై మూడు పరీక్షల్లో ఏది విఫలమైందో చూపుతూ, ఆరోపణ లేకుండా, సంబంధిత రచయితకు రాయండి. ఆ నిలువు వరుసలో ఉన్నది ప్రామాణిక విచలనమా, ప్రామాణిక దోషమా అని సూటిగా అడగండి. జవాబు రాకపోతే, ఆ పత్రాన్ని మీ విశ్లేషణలో ఎలా పరిగణించారో, ఎందుకలా చేశారో రాసి, దాన్ని చేర్చినప్పుడూ వదిలేసినప్పుడూ వచ్చే ఫలితాలను రెండింటినీ ఇవ్వండి.